ఎరువుల కొట్టు ఖాతాకు ఊళ్లోనే సాఫ్ట్‌వేర్

పల్నాడులో మిర్చి అమ్ముడయ్యే రోజులొస్తే ఎరువులు, పురుగుమందుల కొట్ల దగ్గర సందడి మారిపోతుంది. జూన్, జులైల్లో సరుకు తీసుకెళ్లడానికి వచ్చిన రైతులే ఇప్పుడు లెక్క చూసుకోవడానికి వస్తారు. గల్లాపెట్టె పక్కన అట్ట చిరిగిన ఖాతా పుస్తకం, అంకెలు అరిగిన కాలిక్యులేటర్, గోడకు తేదీల క్యాలెండరు. ఏ రోజున ఏం తీసుకెళ్లారు, మధ్యలో ఎంత జమ చేశారు, అక్కణ్నుంచి ఇవాళ్టికి ఎన్ని నెలలు, ఎన్ని రోజులు అని యజమాని వేళ్లు మడిచి లెక్కపెడుతుంటే రైతు ఎదురుగా కూర్చుని తానూ మనసులో లెక్క కడుతుంటాడు. ఇద్దరి లెక్కా కలవకపోతే మళ్లీ మొదటికి. వెనుక మరో నలుగురు నిలబడి ఉంటారు.

సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుని, హైదరాబాదో బెంగళూరో వెళ్లకుండా ఊళ్లోనే పని వెతుక్కునే యువతకు మొదటి ఖాతాదారు ఇలాంటి చోటే దొరుకుతాడు. చిన్న ఊళ్లో సాఫ్ట్‌వేర్ పని అనగానే చాలామందికి వెబ్‌సైటు గుర్తొస్తుంది. కల్యాణ మండపానికి, స్కూలుకు, లాడ్జికి అది పనికొస్తుంది కూడా. ఎరువుల కొట్టుకు మాత్రం గూగుల్ మ్యాప్స్‌లో పేరు, ఫోన్ నంబరు, పనివేళలు సరిగ్గా కనిపిస్తే చాలు. ఆ నమోదుకు రుసుమేమీ లేదు. అక్కడ డబ్బిచ్చి చేయించుకోవాల్సినంత ఇబ్బంది అరువు ఖాతాలో ఉంది. అందులోనూ వడ్డీ లెక్కలో ఉంది.

మన దేశంలో వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ అంటే వెంటనే గుర్తొచ్చే ట్యాలీ కూడా ఇలాంటి అవసరంలోంచే పుట్టింది. మిల్లులకు ముడిసరుకు, యంత్రాల భాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకా తన లెక్కలకు సరిపోయే ప్రోగ్రాం దొరక్క కొడుకు భరత్‌ను రాయమన్నారు. అలా 1986లో మొదలైన పనికి గుర్తింపుగా భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మొదటి వాడుకదారు ఇంట్లోనే ఉన్నారు. తండ్రి లెక్కలు ఎలా రాస్తారో రోజూ చూసే వీలుంది. పట్నంలో ప్రోగ్రామర్‌కూ ఆ వీలు సంపాదించుకోవడమే తొలి పని.

ఒక ఖాతా, నాలుగు జవాబులు

లెక్క అర్థమవడానికి ఒక ఖాతా వేసుకుందాం. ఒక రైతు 2024 జులై 15న 20,000 రూపాయల సరుకు తీసుకున్నాడు. సెప్టెంబరు 10న మరో 12,000 రూపాయల మందులు తీసుకున్నాడు. డిసెంబరు 20న పత్తి డబ్బు రాగానే 15,000 జమ చేశాడు. 2025 మార్చి 31న ఖాతా తేల్చుకుందామని వచ్చాడు. మాటయిన వడ్డీ రెండు రూపాయలు, అంటే నెలకు నూటికి రెండు.

ముందు మొదటి పద్దు ఒక్కదాన్నే చూద్దాం. జులై 15 నుంచి మార్చి 31కి ఎంత కాలం? నెలలు, రోజులుగా చెప్పుకుంటే 8 నెలల 16 రోజులు. నెలకు 30 రోజులని పట్టి లెక్కిస్తే 20,000 మీద వడ్డీ 3,413 రూపాయలు. క్యాలెండరు ప్రకారం గడిచిన రోజులు 259. ఏడాదికి 24 శాతం చొప్పున 365 రోజులకు పంచితే 3,406 వస్తుంది. అవే 259 రోజుల్ని 30తో భాగించి నెలలు చేస్తే 3,453. నెలలో కొంత గడిచినా పూర్తి నెల కిందే పట్టే కొట్టయితే 9 నెలలకు 3,600. అసలు ఒకటే, రేటు ఒకటే, తేదీలు అవే. జవాబులు మాత్రం నాలుగు.

ఇందులో ఏది సరైనదో చెప్పే అధికారం ప్రోగ్రామర్‌కు లేదు. ఆ కొట్టుకూ దాని రైతులకూ ఇన్నేళ్లుగా నడిచిన మాటే అక్కడ చెల్లుతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన సూత్రం పెట్టేసి చూపిస్తే తెర మీద అంకె చూసిన యజమాని మొదటి నిమిషంలోనే తల అడ్డంగా ఊపుతాడు. ఏడు రూపాయల తేడా అయినా సరే. పుస్తకంతో కలవని లెక్కను ఆయన నమ్మడు, నమ్మకూడదు కూడా.

నెలకు 30 రోజుల పద్ధతి అని తేలిందనుకుందాం. అప్పుడు ప్రోగ్రాంలో అసలు ముక్క ఇంతే:

```python
from datetime import date

def rojulu(a, b):
    return ((b.year - a.year) * 360
            + (b.month - a.month) * 30
            + (b.day - a.day))

def vaddi(asalu, retu, a, b):
    return asalu * retu * rojulu(a, b) / 3000

v = vaddi(20000, 2, date(2024, 7, 15), date(2025, 3, 31))
print(round(v, 2))   # 3413.33
```

ఏడాదికి 360 రోజులు, నెలకు 30 అని పట్టి రెండు తేదీల మధ్య దూరం కొలుస్తుంది. ఇక్కడ 256 వస్తుంది, అంటే 8 నెలల 16 రోజులే. చివర్లో 3000తో భాగించడం ఎందుకంటే, నూటికి ఇంత అన్నందుకు వంద, నెలకు ఇన్ని రోజులన్నందుకు ముప్ఫై.

ఇంత చిన్న ముక్కలోనూ ఒక మెలిక ఉంది. మార్చి 31ని 31గానే పట్టాలా, ముప్ఫైగా పట్టాలా? పై లెక్కలో 31గా పట్టాం. ముప్ఫైగా పడితే ఒక రోజు వడ్డీ, 13 రూపాయల 33 పైసలు తగ్గుతుంది. ఇదే సూత్రంలో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 1కి లెక్కిస్తే సున్నా రోజులు వస్తాయి. ఇవన్నీ యజమానిని అడిగి, ఆయన చెప్పింది కాగితం మీద రాసుకుని, పుస్తకంలో పాత ఖాతాలతో సరిచూసుకోవాల్సిన సంగతులు. నెలాఖరు తేదీలున్న ఖాతాలు ఏరి మరీ చూడాలి. తప్పులు అక్కడే దాక్కుంటాయి.

జమ ఎవరి ఖాతాలోకి?

ఇప్పుడు డిసెంబరులో కట్టిన 15,000 సంగతి. కొట్లలో దీనికి రెండు పద్ధతులు కనిపిస్తాయి.

మొదటి పద్ధతిలో తీసుకున్న ప్రతి పద్దుకూ ఆఖరు తేదీ దాకా వడ్డీ కడతారు. కట్టిన సొమ్ముకు కూడా అదే రేటున రైతు తరఫున వడ్డీ కట్టి తీసేస్తారు. మన ఖాతాలో మొదటి పద్దుకు 3,413, రెండో పద్దుకు 6 నెలల 21 రోజులకు 1,608. రెండూ కలిపితే 5,021. జమకు 3 నెలల 11 రోజులకు 1,010 తగ్గుతుంది. నికరంగా వడ్డీ 4,011. మిగిలిన అసలు 17,000తో కలిపి రైతు ఇవ్వాల్సింది 21,011 రూపాయలు.

రెండో పద్ధతిలో కట్టిన సొమ్ము ముందు వడ్డీకి పోతుంది, మిగిలింది అసలుకు చెల్లుతుంది. డిసెంబరు 20 నాటికి రెండు పద్దుల వడ్డీ 2,867 రూపాయలయింది. పదిహేను వేలలో అది పోగా 12,133 మాత్రమే అసలులో తగ్గింది. నిలవ ఉన్న 19,867 మీద మళ్లీ మార్చి 31 దాకా వడ్డీ 1,338. మొత్తం 21,204 రూపాయలు.

తేడా 193 రూపాయలు. డిసెంబరులోనే వడ్డీ వసూలు చేసుకున్నట్టయినందువల్ల, ఆ 2,867 రూపాయల మేరకు అసలు తగ్గకుండా నిలిచి, దాని మీద 3 నెలల 11 రోజుల వడ్డీ పడింది. ఒక్క ఖాతాలో చిన్న మొత్తమే అనిపించవచ్చు. జమలు నాలుగైదు విడతలుగా పడి, ఖాతా రెండేళ్లు సాగితే తేడా పెరుగుతూ పోతుంది. ఏ పద్ధతో తెలియకుండా ప్రోగ్రాం రాస్తే ఆ భారం రైతు మీదైనా పడుతుంది, కొట్టు మీదైనా పడుతుంది.

పద్ధతి ఏమిటని నేరుగా అడిగితే సూటి జవాబు రావడం తక్కువ. యజమానికి అది సూత్రంగా గుర్తుండదు, చేతి అలవాటుగా ఉంటుంది. అందుకే తేలిపోయిన పాత ఖాతాల్లోంచి పదిహేనో ఇరవయ్యో తీసుకుని, ఆఖరు అంకె ఎలా వచ్చిందో వెనక్కి లెక్కగట్టడం మంచి మార్గం. వాటిలో ఒకటో రెండో ఏ పద్ధతికీ లొంగవు. అప్పుడు పుస్తకం ముందు పెట్టి అడగాలి.

"బాబాయ్ గారూ, ఈ ఖాతాలో లెక్క ప్రకారం ఇంకో రెండు వందల పైచిలుకు రావాలి. తగ్గించారా?"

"అది పంట పోయిన ఏడాది బాబూ. వడ్డీలో కొంత వదిలేశాం. అట్టాంటివి ప్రతి ఏడూ ఉంటాయి."

ఈ మాట వినబడిందంటే ప్రోగ్రాంలో ఇంకొక గడి అవసరమని తెలిసినట్టే. దాని పేరు తగ్గింపు. ఎవరు తగ్గించారు, ఏ రోజున, ఎందుకు అన్నవి అందులో పడాలి. ఆ గడి లేకపోతే గుమాస్తా లెక్క కలపడానికి తేదీ మార్చేస్తాడు, లేదా లేని జమ ఒకటి రాసేస్తాడు. ఏడాది తిరిగేసరికి ఖాతాలన్నీ నమ్మదగకుండా పోతాయి.

ఫోన్లో ఉచితంగా దొరికే ఖాతాబుక్, ఓకేక్రెడిట్ లాంటి యాప్‌లు ఉండగా ఊరి ప్రోగ్రామర్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కిరాణా కొట్టులో ఇచ్చింది, వచ్చింది రాసుకుని గుర్తుచేయడానికి అవి చక్కగా సరిపోతాయి. అలాంటి కొట్టుకు కొత్త ప్రోగ్రాం అమ్మబోవడం వృథా ప్రయాస. ఈ కొట్టు నెలలు ఎలా లెక్కపెడుతుంది, జమ దేనికి చెల్లుతుంది, తగ్గింపు ఎలా రాస్తుంది అన్నవి అక్కరకొచ్చే చోటే మనిషి వచ్చి చేసిపెట్టే పనికి విలువ.

ఒకే పేరు, పదిమంది రైతులు

వడ్డీ తేలాక వచ్చే పెద్ద చిక్కు పేర్లది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారు. ఇంగ్లిషులో కొడితే ఒకే మనిషి పేరు ఇవాళ ఒక స్పెల్లింగుతో, రేపు ఇంకో స్పెల్లింగుతో పడుతుంది. వెతికితే దొరకదు, దొరక్కపోతే గుమాస్తా కొత్త ఖాతా తెరుస్తాడు. ఒకే రైతుకు రెండు ఖాతాలు, ఒకదాంట్లో అరువు, రెండోదాంట్లో జమ. ఇది జరిగిందని పసిగట్టడానికి ఒక గుర్తుంది. అరువు ఏమీ లేకుండా జమ మాత్రమే ఉన్న ఖాతాలు కనిపిస్తే వాటిలో చాలామటుకు ఇలాంటివే. వారానికోసారి ఆ జాబితా తీసి చూడటం అలవాటు చేయాలి.

దీనికి మందు, ప్రతి రైతుకూ ఒక ఖాతా నంబరు ఇచ్చి చీటీ మీద పెద్దగా అచ్చేయడం. పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉండాలి. ఫోన్ నంబరొక్కటే నమ్ముకుంటే చాలదు. తండ్రీ కొడుకులు ఒకే నంబరు ఇస్తారు, కొత్త సిమ్ము తీసుకుంటే నంబరే మారిపోతుంది. ఆధార్ నంబరు అడగడం, దాచడం ఈ ప్రోగ్రాంకు అనవసరం. యూరియా లాంటి సబ్సిడీ ఎరువుల అమ్మకంలో వేలిముద్ర వేయించుకునే పీఓఎస్ యంత్రం కొట్టులో ఎటూ ఉంటుంది. అది ప్రభుత్వ వ్యవస్థకు చెందింది, దాని లెక్క దానిదే. కొట్టు ఖాతాకు దాన్ని ముడిపెట్టబోవడం ప్రోగ్రామర్ పని కాదు. యంత్రంలో నిలవ, గోడౌన్లో నిలవ ఒకటిగా ఉండాలి కాబట్టి, రోజు అమ్మకంలో యూరియా ఎన్ని బస్తాలో విడిగా చూపే ఒక వరుస ఇస్తే యజమానికి ఎంతో ఉపయోగం.

పేర్లు తెలుగులోనే ఉండాలనుకుంటే యూనికోడ్‌లో కొట్టాలి. అను ఫాంట్లలో కొట్టిన పాత జాబితాలు తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉండేవి వేరే అక్షరాలు. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే వెతుకులాట పనిచేయదు. బిల్లు అచ్చేసే చిన్న థర్మల్ ప్రింటర్లతో ఇంకో ఇబ్బంది. వాటిలో చాలావాటికి తెలుగు అక్షరాలు తెలియవు, తెలుగు పంపితే ప్రశ్నార్థకాలో పిచ్చి గీతలో అచ్చవుతాయి. చీటీ మొత్తాన్ని ముందు బొమ్మగా తయారుచేసి, ఆ బొమ్మను ప్రింటరుకు పంపితే తెలుగు నిండుగా పడుతుంది. మూడంగుళాల కాగితానికి బొమ్మ వెడల్పు సాధారణంగా 576 చుక్కలు, రెండంగుళాలదానికి 384.

ఆ చీటీ మీద ఏముండాలన్నది ఈ పనిలోకెల్లా ముఖ్యమైన నిర్ణయం. ఆఖరు అంకె ఒక్కటే అచ్చేస్తే రైతుకు పాత కాలిక్యులేటరే నయం. ప్రతి పద్దుకూ తేదీ, మొత్తం, నెలలు, రోజులు, వడ్డీ వరుసగా తెలుగులో ఉండాలి. జమ దేనికి చెల్లిందో కనబడాలి. ఇంటికెళ్లి చదువుకున్న పిల్లలచేత చూపించుకుని సరిచూసుకునేలా ఉండాలి. కంప్యూటరు చెప్పింది కాబట్టి ఇంతే అనే మాటకు చోటిచ్చే ప్రోగ్రాం రైతుకు అన్యాయం చేస్తుంది.

పుస్తకం మూసే ముందు

పరికరాల విషయానికి వస్తే ఇలాంటి పనికి ఆర్భాటం అక్కర్లేదు. కొట్టులో ఉన్న కంప్యూటర్, పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం, సమాచారం దాచడానికి ఎస్‌క్యూలైట్. ఇది 2000లో రిచర్డ్ హిప్ తయారుచేసి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా వదిలిన డేటాబేస్. ఖాతాలన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి, ఇంటర్నెట్ లేకపోయినా పని ఆగదు. సీజన్లో కరెంటు, నెట్టు రెండూ పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

డబ్బును పైసల్లో, పూర్ణ సంఖ్యలుగా దాచడం మంచి పద్ధతి. 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ ధర 266 రూపాయల 50 పైసలు. దాన్ని 26650 అని దాచుకుని చూపించేటప్పుడు మాత్రమే రూపాయలుగా మారిస్తే, దశాంశాల దగ్గర కంప్యూటరు చేసే చిన్న చిన్న సవరింపులు పేరుకుని రాత్రి గల్లా లెక్కలో రూపాయి తేడా తేవు. వడ్డీని రూపాయలకు సరిచేయడం కూడా ప్రతి పద్దుకూ కాకుండా ఖాతా చివర ఒక్కసారే చేయాలి.

రాసిన పద్దును చెరిపే వీలు ఎవరికీ ఇవ్వకూడదు. తప్పు పడితే ఎదురు పద్దు రాసి సరిచేయాలి. చేతి పుస్తకంలో కొట్టేసిన గీత కనిపిస్తూనే ఉంటుంది, కంప్యూటర్లో చెరిపేస్తే ఆనవాలు మిగలదు. రిజిస్టరైన కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడ నిలిచి ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సొంత కొట్టుకు ఆ నిబంధన వర్తించకపోయినా, గుమాస్తాల మీద నడిచే చోట అది అవసరమే.

నకలు తీయడం మాత్రం రోజూ జరగాలి. ప్రోగ్రాం నడుస్తుండగా ఫైలును మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన పద్దుతో పాడైన నకలు రావచ్చు. ఎస్‌క్యూలైట్‌లో దీనికోసమే ఒక ఆదేశం ఉంది:

```
sqlite3 khata.db ".backup 'E:/nakalu/khata.db'"
```

దీన్ని రాత్రి కొట్టు కట్టేసే వేళకు దానంతటదే నడిచేలా పెట్టి, ఒక నకలు కొట్టు బయట ఉండేలా చూడాలి. నెలకొకసారి ఆ నకలును వేరే కంప్యూటర్లో తెరిచి, నిన్నటి ఖాతా ఒకటి కనిపిస్తోందా అని చూడాలి. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్టే లెక్క.

పుస్తకం నుంచి కంప్యూటరుకు మారే నెలే అన్నిటికన్నా గడ్డు కాలం. దీన్ని సీజన్లో పెట్టుకోకూడదు. లెక్కలు తేలాక, కొత్త విత్తనాలు రాకముందు, ఏప్రిల్, మే నెలలు అనువైనవి. పాత ఖాతాలన్నీ ఎక్కించాలని కూర్చుంటే పని తెమలదు. ఒక తేదీ అనుకుని, ఆ రోజు నిలవలు మాత్రం ఎక్కించి, అన్నిటి మొత్తం పుస్తకంలో మొత్తంతో కలిసిందని యజమానిచేత సంతకం పెట్టించుకోవాలి. ఆ తర్వాత నెల రోజులు పుస్తకం, కంప్యూటరు రెండూ నడవాలి. రోజూ రాత్రి రెండు గల్లా లెక్కలు కలవాలి. కలవని రోజున ఆ రాత్రే కారణం తేల్చాలి. మూడు రోజులు వదిలేస్తే ఏ పద్దు దగ్గర తప్పిందో పట్టుకోవడం కష్టమైపోతుంది. గుమాస్తాకు ఈ నెలలో పని రెట్టింపవుతుంది. ఆ సంగతి యజమానికి ముందే చెప్పకపోతే పదో రోజుకల్లా కంప్యూటరు మీద గుడ్డ కప్పేస్తారు.

గుర్తుచేసే సందేశం

ఖాతా నిలకడగా నడిచాక యజమానులు అడిగే మొదటి సౌకర్యం, బాకీ గుర్తుచేసే సందేశాలు. ఇక్కడ తొందరపడితే దెబ్బ తగులుతుంది. కంప్యూటరు నుంచి ఎస్ఎంఎస్‌లు గుంపుగా పంపాలంటే టెలికాం నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశం నమూనా ముందుగా డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి. వాట్సాప్‌లో దొడ్డిదారి ప్రోగ్రాములతో వందలమందికి పంపితే నంబరే నిలిపేసే ప్రమాదం ఉంది. పదేళ్లుగా రైతులందరి దగ్గరా ఉన్న కొట్టు నంబరు పోతే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

దీనికి తేలికైన దారి ఒకటుంది. ప్రతి ఖాతా పక్కన ఇలాంటి లింకు తయారయ్యేలా చేయాలి:

```
https://wa.me/91XXXXXXXXXX?text=...
```

నొక్కగానే ఆ రైతు పేరు మీద వాట్సాప్ తెరుచుకుని, బాకీ మొత్తం, తేదీ రాసిన సందేశం సిద్ధంగా కనిపిస్తుంది. పంపాలా వద్దా అన్నది యజమాని చేతిలో ఉంటుంది. ఇంట్లో కష్టం వచ్చిన రైతుకు ఆ వారం పంపకుండా ఊరుకోవచ్చు. రైతుల ఫోన్ నంబర్లు, బాకీలు బయటివాళ్లకు పొక్కకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి ఎలా ఉన్నా, ఊళ్లో ఒకరి అప్పు ఇంకొకరికి తెలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

జీఎస్టీ రిటర్నుల పనిలోకి కూడా ఈ ప్రోగ్రాం దిగకపోవడమే మేలు. ఎరువులకు ఒక రేటు, పురుగుమందులకు ఒక రేటు, అవీ మారుతుంటాయి. కొట్టుకు ఎటూ ఒక అకౌంటెంట్ ఉంటారు, ఆయన దగ్గర ట్యాలీ ఉంటుంది. ఆయనకు కావలసిన వరుసలో నెల అమ్మకాలు ఎక్సెల్ ఫైలుగా ఇస్తే చాలు. అకౌంటెంటుకు పని తగ్గించిన ప్రోగ్రాం గురించి ఆయనే మరో నాలుగు కొట్లలో చెబుతారు. చిన్న ఊళ్లో ఇంతకు మించిన ప్రచారం లేదు.

ధర, కాగితం, రెండో కొట్టు

ధర చెప్పేటప్పుడు కొత్తవాళ్లు కోడ్ రాసిన గంటలే లెక్కేసుకుంటారు. పైన చెప్పిన పనిలో కోడ్ రాయడం చిన్న భాగం. పాత ఖాతాలు వెనక్కి లెక్కగట్టడం, నిలవలు ఎక్కించడం, నెల రోజులు రాత్రిపూట లెక్క కలపడం, గుమాస్తాకు నేర్పడం దానికి రెండు మూడింతలు. ఉదాహరణకు మొదటి కొట్టుకు 120 గంటలు పట్టిందని, గంటకు 200 రూపాయలు గిట్టాలని అనుకుందాం. 24,000 అవుతుంది. అదే పదివేలకు ఒప్పుకుంటే గంటకు 83 రూపాయలే. ఆ ధర ఊళ్లో పాకితే తర్వాత పెంచడం చాలా కష్టం. సొమ్మును మూడు విడతలుగా మాట్లాడుకోవడం మంచిది. పని మొదలుపెట్టేటప్పుడు కొంత, నిలవలు ఎక్కినప్పుడు కొంత, పుస్తకం, కంప్యూటరు నెలంతా కలిశాక మిగిలింది.

ఏటేటా చూసుకునేందుకు విడిగా రుసుము ఉండాలి. ఏడాదికి 6,000 అనుకుంటే అందులో ఏమేం వస్తాయో రాసుకోవాలి. ప్రోగ్రాంలో తప్పులు దిద్దడం, నకళ్లు సరిచూడటం, ఫోన్లో సాయం ఇందులో వస్తాయి. కొత్త సౌకర్యాలు, కంప్యూటరు మరమ్మతు, వైరస్ తొలగింపు రావు. ఇది ముందే తేల్చుకోకపోతే ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా పరుగెత్తాల్సి వస్తుంది.

ఒక పేజీ ఒప్పందం రాసుకోవడానికి మొహమాటపడకూడదు. సమాచారం కొట్టుదే, అడిగినప్పుడు మొత్తం ఎక్సెల్‌లో ఇవ్వాలి. ప్రోగ్రామర్‌కు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ప్రోగ్రాం అసలు ఫైళ్లు ఎవరి దగ్గర ఉంటాయో రాసి ఉండాలి. అనుభవమున్న యజమానులకు ఈ భయం నిజంగానే ఉంటుంది. చేసిపెట్టిన కుర్రాడు వెళ్లిపోయాక తెరవడానికి ఎవరికీ చేతకాని ప్రోగ్రాంలతో మిగిలిపోయిన కొట్లు ఉన్నాయి. వాళ్లు అడగకముందే ఈ మాట ఎత్తితే బేరం సగం కుదిరినట్టే.

రెండో కొట్టు దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. అక్కడ నెలలో కొంత గడిచినా పూర్తి నెల పడతారు, జమ ముందు వడ్డీకి పోతుంది. మొదటి కొట్టు ప్రోగ్రాంను కాపీ చేసి అక్కడికక్కడ మార్చేయడం ఆ రోజుకు సులువు. పది కొట్లయ్యేసరికి పది వేర్వేరు ప్రోగ్రాంలు తయారవుతాయి. ఒకచోట దిద్దిన తప్పు మిగతా తొమ్మిదింటిలో అలాగే ఉంటుంది. అందుకే నెలల పద్ధతి, 31వ తేదీ సంగతి, జమ చెల్లింపు, వడ్డీ రేటు అన్నవి కోడ్‌లో పెట్టకుండా ప్రతి కొట్టుకూ ఒక అమరికల పట్టికగా విడదీయాలి. ప్రోగ్రాం అన్నిచోట్లా ఒకటే ఉంటుంది, పట్టిక మారుతుంది. పాత కొట్ల తేలిన ఖాతాల్ని పరీక్షలుగా దాచుకుని, ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా ముందు వాటన్నిటికీ పాత జవాబులే వస్తున్నాయా అని నడిపి చూసుకోవాలి.

ఇలా ఇరవై కొట్లు కుదిరితే ఏడాది రుసుముల మీదే లక్షా ఇరవై వేలు వస్తాయి. కొత్త కొట్ల పని సొమ్ము దీనికి అదనం. సేవల మీద వచ్చే రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ నమోదుకు కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో రుసుము లేదు, బ్యాంకులో కరెంటు ఖాతా తెరవడానికి అది పనికొస్తుంది. అయితే ఇరవై ఎరువుల కొట్లకూ సీజన్ ఒకటే. జులైలో ఒకే ఉదయం ఐదు కొట్ల నుంచి ఫోన్లు వస్తాయి. ఒక్క మనిషి మోయగలిగిన బరువు ఇక్కడితో ఆగుతుంది. ఈ దశలో కొందరు ఫోన్లు ఎత్తడానికి, కొట్లకు వెళ్లి రావడానికి ఒక కుర్రాణ్ని జీతానికి పెట్టుకుంటారు. ఇంకొందరు సీజన్ కలవని మరో వ్యాపారాన్ని ఎంచుకుంటారు. నర్సరీలు, టెంట్ హౌసులు, శీతల గిడ్డంగులు అలాంటివే. శీతల గిడ్డంగిలో మిర్చి బస్తాకు అద్దె నెలల లెక్కనా, సీజన్ మొత్తానికా, మధ్యలో సగం బస్తాలు తీసేస్తే మిగతా వాటికి ఎలా కడతారు అన్న ప్రశ్నలతో ఆ పని మళ్లీ మొదలవుతుంది. కొత్త ప్రోగ్రాం రాసే ముందు అక్కడ కూడా తేలిపోయిన పాత ఖాతాలు ఓ ఇరవై అడిగి తెచ్చుకోవాలి.